‘చూద్దాంలే అన్నయ్యా’ అనకముందే: చెల్లి పెళ్లిలో సమాన వాటా పెట్టలేనని చెప్పడం ఎలా

మా ఇంట్లో నలుగురం. అన్నయ్య, అక్క, నేను, చెల్లి. అక్క పెళ్లప్పుడు అన్నయ్య ఫోన్ చేసి, "నాన్న దగ్గరున్నది పోను మిగతాది మనిద్దరం చెరి సగం పెట్టుకుందాంరా" అన్నాడు. నా దగ్గర అంత లేదని నాకు తెలుసు. అయినా నోట్లోంచి వచ్చిన మాట "చూద్దాంలే అన్నయ్యా, సర్దుతాను." నా మనసులో దాని అర్థం ‘వీలైతే ఇస్తాను’. అన్నయ్య చెవికి అది ‘ఇస్తాను’ అని వినిపించింది. ఆ మాట పట్టుకునే మండపానికి అడ్వాన్స్ ఇచ్చాడు, బంగారానికి ఆర్డర్ పెట్టాడు. పెళ్లి మూడు వారాలుందనగా నేను అసలు సంగతి చెప్పాను. అప్పటికప్పుడు తెలిసిన మనిషి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. పెళ్లి బాగానే జరిగింది. తర్వాత ఏడాది పాటు అన్నయ్య నాతో అవసరమైన మాటలే మాట్లాడాడు.

అన్నయ్యకు కోపం నేను తక్కువ ఇచ్చినందుకు కాదని నాకు చాలా రోజుల తర్వాత అర్థమైంది. ఆలస్యంగా చెప్పినందుకు. చెల్లి పెళ్లప్పుడు కూడా నేను సగం పెట్టలేకపోయాను, కానీ అప్పుడు ఒక్క మాట పట్టింపు రాలేదు. ఆ రెండోసారి చేసిన పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. మీది అన్నదమ్ముల మధ్య విషయం కాకపోయినా, అక్కాచెల్లెళ్ల మధ్యదైనా, వరస ఇదే.

1. ముందు మీ అంకె మీరు తేల్చుకోండి

"సగం పెట్టలేను" అని మాత్రమే చెప్పడానికి వెళ్లకండి. అది విన్నవాళ్లకు వెంటనే వచ్చే ప్రశ్న "మరి ఎంత పెడతావు?" అనే. దానికి జవాబు లేకపోతే మళ్లీ ‘చూద్దాం’ దగ్గరికే వస్తారు. కాబట్టి ఒక రాత్రి కూర్చుని కాగితం మీద లెక్క వేయండి. పెళ్లయినవాళ్లయితే భార్యతోనో భర్తతోనో కలిసి వేయండి. ఇద్దరూ ఒప్పుకోని అంకె బయట చెబితే రెండు ఇళ్లలో గొడవ మొదలవుతుంది.

నా లెక్క ఎలా వేసుకున్నానో చెబుతాను. చెల్లి సంబంధం ఉగాది వెళ్లాక ఖాయమైంది, ముహూర్తం శ్రావణంలో. అంటే నాలుగు నెలలు. మొత్తం ఖర్చు 14 లక్షలని అన్నయ్య అంచనా. నాన్న చేతిలో 4 లక్షలు. మిగిలిన 10 లక్షలు చెరి ఐదు.

నాకు అప్పుడు చేతికొచ్చే జీతం 34,000. అద్దె 8,000, ఇంటి ఖర్చు 12,000, పిల్లాడి ఫీజు నెలకు సర్దితే 4,000, బండి వాయిదా 3,000, ఇన్సూరెన్సూ అమ్మ మందులూ కలిపి 2,500. పోగా మిగిలేది 4,500. నాలుగు నెలలకు 18,000.

ఇక ఉన్న డబ్బు. చీటీ పాడితే చేతికొచ్చేది 1,20,000. బ్యాంకులో 70,000. పీఎఫ్ నుంచి 60,000. తోబుట్టువుల పెళ్లికి కూడా పీఎఫ్‌లో అడ్వాన్స్ తీసుకోవచ్చని చాలామందికి తెలియదు. నేను తీసుకున్నప్పుడు ఏడేళ్ల సర్వీసు నిండి ఉండాలి, మన వాటాలో సగం దాకా ఇచ్చేవారు. ఈ నిబంధనలు మారుతున్నాయి కాబట్టి మీరు పోర్టల్‌లో చూసుకోండి. అన్నీ కలిపితే 2,50,000.

అందులోంచి రెండు తీసేయాలి. ఒకటి, ఆసుపత్రి అవసరానికి ముట్టుకోకూడని డబ్బు, 40,000. రెండోది అందరూ మర్చిపోయేది. పెళ్లికి మన ఇంటి ఖర్చు మనకు విడిగా ఉంటుంది. మన ముగ్గురికీ బట్టలు, వారం ముందు నుంచి రాకపోకలు, సెలవులు దాటితే జీతంలో కోత, అక్షింతల వేళ చదివించేది. అది 30,000 పెట్టుకున్నాను. అన్నీ పోగా 1,80,000. నెలనెలా మిగిలే 18,000 కలిపితే దాదాపు 2 లక్షలు. అదీ నా అంకె.

అప్పు చేసి మిగతా మూడు లక్షలు పూరించవచ్చు కదా అని మీకే అనిపిస్తుంది. దాన్ని కూడా లెక్కలోనే తేల్చండి, మొహమాటంలో కాదు. మూడు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వడ్డీయే 6,000. నాకు మిగిలేది 4,500. అంటే అసలు సంగతి అటుంచి, వడ్డీ కూడా పూర్తిగా కట్టలేను. బ్యాంకు పర్సనల్ లోన్ 14 శాతానికి, మూడేళ్లకు తీసుకుంటే నెల వాయిదా 10,250 దాకా పడుతుంది. ఈ రెండు వాక్యాలు కాగితం మీద ఉంటే, రేపు "లోన్ పెట్టొచ్చుగా" అని ఎవరన్నా అంటే మీ దగ్గర జవాబు ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. అంకెను కొంచెం తగ్గించి చెప్పి, బతిమాలితే పెంచుదాం అనుకోకండి. ఒక్కసారి పెంచారంటే మీ మొదటి మాట అబద్ధమని తేలిపోతుంది, ఇంకా లాగితే ఇంకా వస్తుందనుకుంటారు. నిజంగా పెట్టగలిగింది మొత్తం చెప్పండి, అక్కడే ఆగండి.

2. మండపం అడ్వాన్స్ ఇవ్వకముందే చెప్పండి

పెళ్లి ఖర్చుకు ఒక వరస ఉంటుంది. ముహూర్తం పెట్టగానే ముందు వెళ్లేది మండపం అడ్వాన్స్. శ్రావణంలాంటి నెలల్లో ఆ హడావుడి ఇంకా ఎక్కువ. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, మూఢం కూడా వచ్చిందంటే మిగిలిన నాలుగు మంచి రోజుల కోసం ఊరంతా పోటీ పడుతుంది. ఆ తర్వాత బంగారం, పట్టుచీరలు, శుభలేఖలు, వంటవాళ్లకు అడ్వాన్స్, ఫోటోల వాళ్లకు అడ్వాన్స్. చివరి వారంలో అందరికీ మిగిలిన బాకీలు.

అడ్వాన్సులు ఇవ్వకముందు చెబితే అన్నయ్య పెళ్లి సైజు మార్చుకోగలడు. ఇచ్చాక చెబితే ఆయన చేతిలో ఉన్న ఒకే దారి అప్పు. అందుకే సంబంధం ఖాయమైన రోజుకూ మండపం వాళ్లకు డబ్బు కట్టే రోజుకూ మధ్యలో చెప్పేయాలి. ఒక్కోసారి ఆ మధ్య వారం కూడా ఉండదు. నిశ్చితార్థం మాటలు మొదలవగానే మీ కాగితం సిద్ధంగా ఉండాలి.

మీరు ఇప్పటికే ఆలస్యం చేసి ఉంటే, ఈ రోజే చెప్పండి. మూడు నెలల ముందు చెప్పడం కంటే రెండు నెలల ముందు చెప్పడం కష్టం, కానీ మూడు వారాల ముందు చెప్పడం కంటే ఎంతో నయం. చెప్పేటప్పుడు "ముందే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను, తప్పు నాదే" అని మొదలుపెట్టండి. దానికి కారణాలు చెప్పుకుంటూ పోకండి.

3. అమ్మ చేత చెప్పించకండి

మనందరం చేసే పనే ఇది. "అమ్మా, నువ్వే అన్నయ్యకు ఒక మాట చెప్పు." అమ్మ ప్రేమతో చెబుతుంది, కానీ అంకె చెప్పదు. "వాడికి కొంచెం ఇబ్బందిగా ఉందట్రా" అంటుంది. అన్నయ్యకు అందులో రెండు విషయాలు వినిపిస్తాయి. తమ్ముడు నాతో నేరుగా మాట్లాడలేదు అని ఒకటి, అమ్మ వాడి వైపు ఉంది అని ఇంకొకటి. వదిన ద్వారా చెప్పించినా, బావ ద్వారా చెప్పించినా ఇదే. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టడం అన్నిటికంటే చెడ్డది. పదిమంది ముందు ఎవరూ మెత్తగా మాట్లాడలేరు.

కుదిరితే ఎదురుగా చెప్పండి. దూరంగా ఉంటే ఫోన్ చేయండి, కానీ ముందు "పెళ్లి డబ్బుల గురించి ఒక అరగంట మాట్లాడాలి అన్నయ్యా, ఎప్పుడు చేయను?" అని మెసేజ్ పెట్టండి. ఆఫీసులోనో ట్రాఫిక్‌లోనో ఉన్నప్పుడు ఈ మాట వింటే జవాబు మంచిగా రాదు. చుట్టాలు ఇంట్లో ఉన్న రోజు, పెళ్లివారితో మాటలు జరుగుతున్న రోజు అసలు వద్దు. నేను ఆదివారం పొద్దున వెళ్లాను. వదిన టిఫిన్ పెట్టింది. తినడం అయ్యాక అన్నయ్యను డాబా మీదికి రమ్మన్నాను.

చెల్లి చెవిన పడకుండా చూడండి. తన పెళ్లి వల్ల అన్నయ్యలు లెక్కలు చూసుకుంటున్నారని తెలిస్తే ఆ పిల్ల ఇష్టపడి ఎంచుకున్న చీర కూడా వద్దంటుంది.

4. అంకె ముందు, కారణం తర్వాత

మన అలవాటు తిరగేసి ఉంటుంది. ముందు పిల్లాడి ఫీజు, అద్దె, ధరలు అన్నీ చెప్పి, చివరికి డబ్బు సంగతికి వస్తాం. వినేవాళ్లకు మొదటి నిమిషంలోనే విషయం అర్థమైపోతుంది, మిగతా పది నిమిషాలూ సాకుల్లా వినిపిస్తాయి. నేను డాబా మీద చెప్పింది దాదాపు ఇలాగే ఉంది:

"అన్నయ్యా, చెల్లి పెళ్లికి నేను 2 లక్షలు పెట్టగలను. ఐదు పెట్టలేను. అక్క పెళ్లప్పుడు చెప్పకుండా నిన్ను ఇబ్బంది పెట్టాను, ఈసారి అలా కాకూడదని ముందే వచ్చాను. ఈ రెండు లక్షలూ నీకు కావాల్సిన తారీఖుకు చేతిలో ఉంటాయి. దాని పైన మాత్రం నా మీద ఆధారపడొద్దు."

ఆ చివరి వాక్యం అనడం కష్టం. గొంతు పట్టేస్తుంది. కానీ అది అనకపోతే ‘ఇప్పుడు రెండు అన్నాడు, చివరికి మూడైనా తెస్తాడులే’ అనే ఆశ మిగిలిపోతుంది, ఆ ఆశ మీదే ఎవరో ఒకరు డెకరేషన్‌కు అడ్వాన్స్ ఇచ్చేస్తారు. ‘ప్రయత్నిస్తాను’, ‘ఆ టైముకు చూద్దాం’, ‘దేవుడి దయ ఉంటే’ లాంటి మాటలు ఈ ఒక్క సంభాషణలో వాడకండి.

చెప్పాక కాసేపు మౌనంగా ఉండండి. అన్నయ్య రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు, పక్కింటి కొబ్బరిచెట్టు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ మౌనం భరించలేక ‘పోనీ రెండున్నర’ అనాలని నోటిదాకా వచ్చింది. ఆగాను.

5. పాత లెక్కలు బయటికి వస్తే

"మరి నువ్వు పోయినేడాది ఆ స్థలానికి డబ్బు కట్టావుగా?" అన్నాడు అన్నయ్య. ఇలాంటిది ఏదో ఒకటి వస్తుంది, సిద్ధంగా ఉండండి. నిజం చెప్పేయడమే మార్గం. "కట్టాను. 90,000 కట్టాను. ఇప్పుడు అమ్మితే కట్టిందాంట్లో సగం కూడా రాదు." అంతే. వాదన పెంచకండి. కావాలంటే మీ కాగితం చూపించండి. నేను చూపించాను. అన్నయ్య చీటీ దగ్గర వేలు పెట్టి, "ఇది ఎప్పుడు పాడతావు?" అని అడిగాడు. అప్పటి నుంచి మాట కోపం నుంచి లెక్కలోకి మారింది.

ఇంకా లోతుగా వెళ్లే మాటలుంటాయి. "నీ ఇంజినీరింగ్ ఫీజు నాన్న కట్టాడు, నేను డిగ్రీతో ఆగిపోయాను" అని అనవచ్చు. అది నిజమే అయితే నిజమేనని ఒప్పుకోండి. మీ వైపు నుంచి కూడా ఒక పాత లెక్క ఉంటుంది, నాన్న ఆపరేషన్ అప్పుడు నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నది మీరే కావచ్చు. దాన్ని ఆ రోజు తీయకండి. ఒకరు ఒకటి తీస్తే రెండోవాళ్లు ఇంకోటి తీస్తారు, చివరికి ఇరవై ఏళ్ల సంగతులన్నీ డాబా మీదికి వస్తాయి. మండపం అద్దె అలాగే ఉంటుంది.

అవతలి వైపు కష్టాన్ని కూడా అడగండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకో అమెరికాలో ఉన్నవాళ్లకో డబ్బు చెట్టుకు కాస్తుందని ఊళ్లో అనుకుంటాం. ఇంటి లోను ఎంతుందో, ఉద్యోగం ఎలా ఉందో వాళ్లు చెప్పుకోరు. ఆ రోజు అడిగితేనే మా అన్నయ్య తన పరిస్థితి చెప్పాడు. ఆయన కూడా ఐదు పెట్టడమే గగనం అనుకుంటూ, పరువు కోసం పది లక్షల లెక్క వేశాడట.

ఒకవేళ ఆ మొత్తంలో పెద్ద భాగం పెళ్లివారు నగదు అడగడం వల్ల వచ్చిందైతే, మీ వాటా గురించి కాక దాని గురించే ముందు మాట్లాడండి. కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ 1961 నాటి చట్టం ప్రకారం నేరమే. దాన్ని పూరించడానికి అన్నదమ్ములు వాటాలు వేసుకోవడం ఏ రకంగానూ సరికాదు.

6. వాటా కాదు, వస్తువులు తీసుకోండి

నా అనుభవంలో అన్నిటికంటే పనికొచ్చిన విషయం ఇదే. ‘రెండు లక్షలు ఇస్తాను’ అని వదిలేస్తే పెళ్లి ఖర్చు పెరిగినప్పుడల్లా మీ వాటా కూడా పెరగాలనే మాట వస్తుంది. దానికి బదులు కొన్ని ఖర్చులు పూర్తిగా మీ మీద వేసుకోండి. అవి ధర ముందే తెలిసేవై ఉండాలి.

భోజనాలు తీసుకోకండి. ప్లేటు లెక్కలో 600 మందికి మాట్లాడతారు, 720 మంది వస్తారు, ఆ రాత్రి వంటాయన పక్కన నిలబడి డబ్బు లెక్కపెట్టాల్సింది మీరే. బంగారం కూడా వద్దు, ఆర్డర్ ఇచ్చిన రోజు ధర వేరు, తెచ్చే రోజు ధర వేరు. ధర నిలకడగా ఉండేవి మండపం అద్దె, ఫోటోలు వీడియో, శుభలేఖలు, సన్నాయి మేళం. నేను తీసుకున్నవి ఇవే: మండపం 90,000, ఫోటోలు 70,000, మేళం 20,000, శుభలేఖలు 12,000. మొత్తం 1,92,000. మిగిలిన 8,000 మండపం దగ్గరే అయిపోయింది, ఎందుకంటే కరెంటు, క్లీనింగ్, జనరేటర్ డీజిల్ అద్దెలో కలిసి ఉండవు. మీరు మండపం తీసుకుంటే అడ్వాన్స్ ఇచ్చే రోజే ఆ మూడూ అడగండి.

ఇలా చేయడం వల్ల ఇంకో మేలుంది. ఎవరూ ‘తమ్ముడు తక్కువ ఇచ్చాడు’ అనరు. ‘మండపం తమ్ముడు చూసుకున్నాడు’ అంటారు. అన్నయ్యకు కూడా చుట్టాల ముందు చెప్పుకోవడానికి తేలిక.

మిగిలిన లోటు ఏం చేయాలో కలిసి కూర్చోండి. చెప్పేసి లేచి వెళ్లిపోవద్దు. మేము ఆ డాబా మీదే నిశ్చితార్థం హాల్లో కాక ఇంట్లో చేద్దామని, రిసెప్షన్ మానేద్దామని అనుకున్నాం. రెండూ కలిపి 2 లక్షలు తగ్గాయి. 14 లక్షలు 12 అయింది. నాన్న 4, నేను 2, అన్నయ్య 6. తను అనుకున్నదాని కంటే ఒక లక్ష ఎక్కువ, కానీ నాలుగు నెలల ముందు తెలిసి, తనే ఒప్పుకుని పెట్టాడు.

అన్నయ్యగానీ అక్కగానీ "నీ బదులు నేను పెడతాలే" అంటే, అది మీకు అప్పా, లేక వాళ్లే భరిస్తున్నారా అని అక్కడికక్కడే అడగండి. అడగడానికి సిగ్గుగా ఉంటుంది. అడగకపోతే మూడేళ్ల తర్వాత మీరు కారు కొన్న రోజు ఆ ప్రశ్న వాళ్లు అడుగుతారు. అప్పు అయితే నెలకు ఎంత, ఏ నెల నుంచి అన్నది కూడా అనుకోండి. పెళ్లయిన అక్క ఇస్తానంటే బావకు తెలిసే ఇస్తోందా అని చూసుకోండి.

7. ఆ సాయంత్రమే రాసి పంపండి

ఇంటికి వచ్చాక నేను అన్నయ్యకు ఒక్కడికే మెసేజ్ పెట్టాను: "అన్నయ్యా, అనుకున్నట్టు మండపం, ఫోటోలు, మేళం, శుభలేఖలు నావి. మండపం అడ్వాన్స్ సోమవారం నేనే కడతాను. మిగతా డబ్బు చీటీ పాడగానే, పెళ్లికి నెల ముందు సిద్ధంగా ఉంటుంది." రెండు నెలలు గడిస్తే ఎవరికి ఏది గుర్తుంటుందో చెప్పలేం. ఇది సాక్ష్యం కోసం కాదు, ఇద్దరం ఒకటే విన్నామో లేదో చూసుకోవడానికి. జవాబులో ఏదన్నా తేడా వస్తే అప్పుడే సరిచేసుకోవచ్చు. అన్న తారీఖు మాత్రం తప్పకూడదు. తక్కువ ఇచ్చేవాళ్లు ఆలస్యంగా ఇవ్వకూడదు.

పని విషయం కూడా ఒక మాట. "డబ్బు తక్కువ పెడుతున్నాను కాబట్టి తిరుగుడంతా నేను చూస్తా" అని బేరంలా అనకండి, అలా అంటే పెళ్లిలో మీరు జీతగాడిలా కనబడతారు, మీకే ఏదో రోజు కష్టంగా తోస్తుంది. చెప్పకుండా చేయండి. శుభలేఖలు పంచడం, విడిది చూడటం, బస్సు దగ్గర నిలబడటం మన చెల్లి పెళ్లిలో ఎలాగూ మనం చేసేవే.

చదివింపుల సంగతి కూడా ముందే అనుకోండి. మండపంలో పుస్తకం పట్టుకుని ఎవరు కూర్చుంటారు, వచ్చిన నగదు చెల్లికి వెళ్తుందా, నాన్న దగ్గర ఉంటుందా, వంటవాళ్ల బాకీకి వాడతామా అన్నది. మేము బాకీలకు వాడి, మిగిలింది చెల్లికి ఇద్దామనుకున్నాం. పెళ్లి మర్నాడు మధ్యాహ్నం అన్నయ్య, నేను, నాన్న ఆ పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాం. వంటాయన బాకీ పోగా 41,000 మిగిలింది. అన్నయ్య దాన్ని కవరులో పెట్టి నా చేతికిచ్చి, "నువ్వే చెల్లికి ఇవ్వు" అన్నాడు.